నాన్ బెయిలబుల్ అంటే బెయిల్ రాదనా? ఒక గట్టు తగాదా కేసు చెప్పే తేడా

ఇంట్లో మనిషిని పోలీసులు తీసుకెళ్లిన రాత్రి, స్టేషన్ బయట నిలబడ్డ కుటుంబం చెవిన తరచూ పడే మాట ‘నాన్ బెయిలబుల్ కేసు పెట్టారట’. ఎవరన్నారో తెలియదు, తెల్లారేసరికి చుట్టాలందరికీ చేరిపోతుంది. ఇక బెయిల్ రాదు, నెలల తరబడి జైలే అని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. ఆ టెన్షన్‌లో ఎవరు ఏం చెప్పినా నమ్ముతారు, ఎంత అడిగినా ఇస్తారు. చట్టంలో ఆ మాటకున్న అర్థం మాత్రం అది కాదు.

క్లుప్తంగా: బెయిలబుల్ నేరంలో బెయిల్ నిందితుడి హక్కు, దాన్ని స్టేషన్‌లోనే పొందవచ్చు. నాన్ బెయిలబుల్ నేరంలో బెయిల్ ఇవ్వాలా వద్దా అన్నది సాధారణంగా కోర్టు ఆలోచించి తేలుస్తుంది. రెండింటిలోనూ బెయిల్ ఉంది. ఏ కేసు ఏ రకమో చెప్పేది ఎఫ్‌ఐఆర్‌లో రాసిన సెక్షన్ నంబరు.

## బెయిల్ అంటే డబ్బు కట్టడం కాదు

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. లాయర్లు దీన్ని బీఎన్‌ఎస్‌ఎస్ అంటారు. శిక్షల చట్టం ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ వచ్చింది. పాత కోడ్‌లో ‘బెయిల్’ అన్న పదానికి నిర్వచనమే ఉండేది కాదు. కొత్త చట్టం రెండో సెక్షన్‌లో ఆ అర్థం ఇచ్చింది. నేరం చేశాడన్న ఆరోపణో అనుమానమో ఉన్న మనిషిని, కొన్ని షరతుల మీద, అతని దగ్గర బాండు రాయించుకుని, చట్టం కస్టడీ నుంచి విడిచిపెట్టడమే బెయిల్.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, బెయిల్ వచ్చిందంటే కేసు కొట్టేశారని కాదు. విచారణ మామూలుగానే నడుస్తుంది. నిందితుడు ఇంటి నుంచి వాయిదాలకు వస్తాడు, అంతే. రెండోది, బాండు అంటే రసీదు తీసుకుని డబ్బు కట్టడం కాదు, మాట రాసివ్వడం. ‘పిలిచినప్పుడల్లా వస్తాను, రాకపోతే ఇంత సొమ్ముకు బాధ్యుణ్ణి’ అని నిందితుడు ఒక్కడే రాసిస్తే అది సొంత పూచీకత్తు. అతను వస్తాడని మరొకరు కూడా పూచీ పడితే అది జామీనుతో కూడిన బాండు. ఆ పూచీ పడ్డ మనిషే జామీనుదారు, వాడుకలో ష్యూరిటీ.

కాబట్టి ‘పది వేలకు బెయిల్ ఇచ్చారు’ అంటే ఎవరికో పది వేలు చెల్లించాలని అర్థం కాదు. నిందితుడు వాయిదాలకు సక్రమంగా వస్తే ఆ పది వేలు ఎవరి జేబులోంచీ పోవు. జామీనుదారులు దొరకనప్పుడు బాండుకు బదులు నగదు డిపాజిట్ చేయడానికి కోర్టు అనుమతించే వీలుంది. అప్పుడు కూడా ఆ డబ్బు కోర్టులో జమ అవుతుంది, దానికి రసీదు ఉంటుంది. లాయరు ఫీజు వేరే సంగతి. ఈ తేడా తెలియని కుటుంబాల దగ్గరే ‘బెయిల్ డబ్బు’ పేరుతో మధ్యవర్తులు వసూలు చేస్తుంటారు.

## ఒకే కొట్లాట, మూడు సెక్షన్లు

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు పొలాల మధ్య గట్టు విషయంలో ఇద్దరికి మాటామాటా పెరిగింది. ఒక రైతు కొడుకు, పాతికేళ్ల కుర్రాడు, పక్క పొలం ఆయన మీద చేయి చేసుకున్నాడు. గొడవ అదే అయినా మూడు రకాలుగా ముగియవచ్చు.

మొదటిది, చేత్తో కొట్టాడు, చెంప వాచింది. ఇది బీఎన్‌ఎస్ 115(2), మామూలు గాయం. గరిష్ఠంగా ఏడాది జైలు లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ బెయిలబుల్. పైగా ఇదొక్కటే అయితే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు కూడా మొదలుపెట్టలేరు.

రెండోది, గట్టిగా కొట్టి తోసేశాడు, ఆయన రాయి మీద పడి మణికట్టు విరిగింది. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయంగా లెక్కిస్తుంది. పోలీసులు 117(2) పెడతారు. శిక్ష ఏడేళ్ల దాకా ఉంది. అయినా ఇది బెయిలబుల్.

మూడోది, కుర్రాడి చేతిలో గడ్డి కోసే కొడవలి ఉంది. కోపంలో విసిరాడు, అవతలి వ్యక్తి ముంజేతి మీద చిన్న గాటు పడింది, రెండు కుట్లు వేశారు. గాయం మామూలుదే, కానీ కోసే ఆయుధంతో అయింది. ఇది 118(1). గరిష్ఠ శిక్ష మూడేళ్లే. ఇది మాత్రం నాన్ బెయిలబుల్.

ఎముక విరిగిన కేసు బెయిలబుల్, రెండు కుట్లు పడ్డ కేసు నాన్ బెయిలబుల్. మొదటిసారి విన్నవాళ్లకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. చట్టంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నిర్లక్ష్యంగా బండి నడిపి ఒకరి చావుకు కారణమైతే పెట్టే 106(1)కి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది, అయినా అది బెయిలబుల్. మోటారు సైకిల్ దొంగతనం మూడేళ్ల నేరం, నాన్ బెయిలబుల్. బెయిలబులా కాదా అన్న ముద్రను చూసి ‘ఎంత పెద్ద నేరమో’ అంచనా వేయడం అందుకే తప్పుదారి పట్టిస్తుంది. ఎంత శిక్ష పడొచ్చన్నది ఒక లెక్క, తీర్పుకు ముందు బయట ఉంచడం ఎవరి చేతుల్లో ఉందన్నది ఇంకో లెక్క.

ఈ ముద్ర ఎక్కడుంటుంది? బీఎన్‌ఎస్‌ఎస్ చివర మొదటి షెడ్యూల్ అనే పెద్ద పట్టిక ఉంది. బీఎన్‌ఎస్‌లోని ప్రతి నేరానికీ అందులో ఒక వరస. ఐదో గడిలో బెయిలబుల్ అనో నాన్ బెయిలబుల్ అనో రాసి ఉంటుంది. శిక్ష ఎంతో మూడో గడిలో, ఏ కోర్టు విచారిస్తుందో ఆరో గడిలో ఉంటాయి. బీఎన్‌ఎస్ కాకుండా ఇతర చట్టాల కింద కేసు అయితే, ఆ చట్టమే వేరేగా చెప్పకపోతే, మూడేళ్లకు తక్కువ శిక్ష ఉన్నవి బెయిలబుల్, మూడేళ్లు ఆ పైన ఉన్నవి నాన్ బెయిలబుల్.

కుటుంబం చేతిలో మొదట ఉండాల్సింది ఎఫ్‌ఐఆర్ నకలు. లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులు తప్ప మిగతావాటి ఎఫ్‌ఐఆర్‌లను పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అందులో సాధారణంగా నాలుగైదు సెక్షన్లు కలిపి ఉంటాయి. గట్టు తగాదాలో అడ్డగించడానికి 126(2), తిట్టినందుకు 352, బెదిరించినందుకు 351(2) చేరతాయి. ఇవన్నీ బెయిలబులే. కానీ వాటి పక్కన 118(1) ఒక్కటి ఉన్నా బెయిల్ విషయంలో మొత్తం కేసు నాన్ బెయిలబుల్‌గానే నడుస్తుంది. చూడాల్సింది ఎన్ని సెక్షన్లు పెట్టారని కాదు, వాటిలో నాన్ బెయిలబుల్ ఏదని.

## బెయిలబుల్ అయితే స్టేషన్‌లోనే

కుర్రాడి మీద 115(2), 117(2) మాత్రమే ఉన్నాయనుకుందాం. బీఎన్‌ఎస్‌ఎస్ 478వ సెక్షన్ ప్రకారం అతను జామీను ఇవ్వడానికి సిద్ధపడితే స్టేషన్ అధికారి విడిచిపెట్టి తీరాలి. దీన్నే జనం ‘స్టేషన్ బెయిల్’ అంటారు. ఇక్కడ అధికారికి ఇష్టాయిష్టాలు లేవు. 2009లో రసిక్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బెయిలబుల్ నేరంలో బెయిల్ సంపూర్ణ హక్కు, పోలీసులకైనా కోర్టుకైనా అందులో విచక్షణ లేదు. అంతేకాదు, వారెంటు లేకుండా అరెస్టు చేసినప్పుడు ‘నీకు బెయిల్ హక్కు ఉంది, జామీనుదారులను తెచ్చుకోవచ్చు’ అని పోలీసులే నిందితుడికి చెప్పాలని 47వ సెక్షన్ అంటుంది.

ఆచరణలో ఇబ్బంది వచ్చేది ఎక్కువగా ఆలస్యం రూపంలో. ‘ఎస్సై గారు బయటికెళ్లారు, పొద్దున రండి’ అంటారు. లేదా ఇద్దరు జామీనుదారులు కావాలంటారు, వాళ్లు ఊర్లో ఉంటారు, బస్సు ఉండదు. అందుకే స్టేషన్‌కు వెళ్లేటప్పుడే దగ్గరి బంధువులు ఒకరిద్దరు ఆధార్ కార్డులు, ఇంటి పన్ను రసీదుతో వెళ్తే రాత్రికి రాత్రే పని అయ్యే అవకాశం ఎక్కువ. విడవకపోతే ఎలాగూ 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తేవాలి. అక్కడ అడిగితే మేజిస్ట్రేటూ కాదనలేరు.

జామీనుదారులే దొరకని పేదవాళ్ల సంగతి కూడా చట్టం ఆలోచించింది. పేదరికం వల్ల జామీను తేలేనివారిని సొంత పూచీకత్తు మీద విడిచిపెట్టాలి. అరెస్టయి వారమైనా జామీను తేలేకపోయాడంటే అతన్ని పేదవాడిగానే భావించాలని అదే 478వ సెక్షన్‌లో ఉంది. వలస కూలీల కుటుంబాలకు ఈ వాక్యం చాలా ఉపయోగం, కానీ వాళ్లకే ఇది తెలియదు.

ఒక మినహాయింపు ఉంది. గతంలో ఇదే కేసులో బెయిల్ మీద బయటికెళ్లి, పిలిచినప్పుడు రాకుండా బాండు షరతు తప్పినవారికి కోర్టు మళ్లీ బెయిల్ నిరాకరించవచ్చు.

## నాన్ బెయిలబుల్ అయితే ఏం జరుగుతుంది

ఇప్పుడు అదే కుర్రాడి మీద 118(1) ఉందనుకుందాం. నాన్ బెయిలబుల్ అనగానే అరెస్టు ఖాయం అనుకోవడం రెండో అపోహ. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కాగితం మీద కారణాలు రాయాలి. పారిపోతాడు, సాక్ష్యం చెరిపేస్తాడు, సాక్షులను బెదిరిస్తాడు, మళ్లీ నేరం చేస్తాడు వంటి కారణం ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే విచారణకు రమ్మని నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో దీన్ని 41ఏ నోటీసు అనేవారు, ఇప్పుడది 35(3) నోటీసు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని గట్టిగా నిలబెట్టింది. నోటీసు అందుకున్న మనిషి చెప్పిన రోజున హాజరవుతూ ఉంటే, కొత్త కారణం రాయకుండా అరెస్టు చేయకూడదు. భయపడి ఊరు విడిచిపోతే మాత్రం అరెస్టుకు కారణాన్ని తానే ఇచ్చినట్టవుతుంది.

అరెస్టు జరిగిందనుకుందాం, జూన్ 30 సాయంత్రం. పోలీసులు అరెస్టు కారణాలు చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, వైద్య పరీక్ష చేయించాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. సెలవు రోజైతే మేజిస్ట్రేట్ ఇంటి దగ్గరకు తీసుకెళ్తారు. జూలై 1న హాజరుపరిచారు. ఇక్కడ మేజిస్ట్రేట్ చూసేది నేరం చేశాడా లేదా అని కాదు. కస్టడీ అవసరమా, అరెస్టు చట్టప్రకారం జరిగిందా అని చూస్తారు. అవసరమనిపిస్తే రిమాండ్ విధిస్తారు, ఒకసారికి 15 రోజులకు మించకుండా. కుర్రాడు సబ్ జైలుకు వెళ్తాడు.

లాయరు లేకపోతే కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయ సహాయం వస్తుంది. లీగల్ సర్వీసెస్ హెల్ప్‌లైన్ నంబరు 15100. రిమాండ్ రోజునే మేజిస్ట్రేట్‌ను అడగవచ్చు.

తర్వాతి అడుగు బెయిల్ పిటిషన్. కోర్టు ప్రభుత్వ లాయరుకు నోటీసు ఇస్తుంది, ఆయన పోలీసుల వైఖరి చెబుతారు. ఈ వాదనల్లో తేలేది నాలుగైదు విషయాలే. ఆరోపణకు ప్రాథమిక ఆధారం ఎంత, శిక్ష ఎంత పడొచ్చు, పారిపోయే మనిషా, సాక్షులను భయపెడతాడా, పాత కేసులున్నాయా. పాతికేళ్ల రైతు కొడుకు విషయంలో ఇవన్నీ సాధారణ కాగితాలతోనే చెప్పవచ్చు. ఊర్లోనే ఇల్లు, పొలం ఉన్నాయని పట్టాదారు పాస్‌బుక్ చూపుతుంది. పాత కేసులు లేవు. కొడవలిని పోలీసులు అప్పటికే స్వాధీనం చేసుకున్నారు, గాయపడ్డ వ్యక్తి ఇంటికి వచ్చేశారు. అవతలి పక్షం చెప్పే ప్రధాన అభ్యంతరం ‘పక్క పొలమే, మళ్లీ గొడవ పడతాడు’ అన్నది. దానికి ఆ పొలం వైపు వెళ్లకూడదనో, వారానికోసారి స్టేషన్‌లో సంతకం పెట్టాలనో షరతు పెట్టి కోర్టు బెయిల్ ఇవ్వవచ్చు. వాడుకలో దీన్నే కండిషన్ బెయిల్ అంటారు.

విచారణకు ముందే జైల్లో ఉంచడం శిక్ష కాకూడదన్న ఆలోచన మన దగ్గర బలపడడానికి కారణమైన తీర్పుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోదే. 1977లో గుడికంటి నరసింహులు కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ బెయిల్ నిర్ణయం జడ్జి మనసుకు తోచినట్టు కాక, వ్యక్తి స్వేచ్ఛనూ సమాజ భద్రతనూ తూచి, సూత్రం ప్రకారం ఉండాలన్నారు. ఆ కేసులో నిందితులపై ఉన్నది హత్యారోపణ, అయినా అప్పీలు తేలేదాకా బెయిల్ దొరికింది.

మేజిస్ట్రేట్ అధికారానికి ఒక హద్దు ఉంది. మరణశిక్షో యావజ్జీవమో పడగల నేరం చేశాడని నమ్మడానికి తగిన ఆధారాలు కనిపిస్తే మేజిస్ట్రేట్ మామూలుగా బెయిల్ ఇవ్వలేరు. మహిళలు, పిల్లలు, జబ్బుతో ఉన్నవారి విషయంలో సడలింపు ఉంది. అలాంటి కేసుల్లో సెషన్స్ కోర్టుకు, అక్కడా కాకపోతే హైకోర్టుకు వెళ్లాలి. మేజిస్ట్రేట్ పిటిషన్ కొట్టేశారంటే దారులు మూసుకుపోయినట్టు కాదు. పరిస్థితి మారినప్పుడు, అంటే దర్యాప్తు ముగిసినప్పుడో, ముఖ్య సాక్షుల వాంగ్మూలాలు పూర్తయినప్పుడో, అదే కోర్టును మళ్లీ అడగవచ్చు.

మాదకద్రవ్యాలు పెద్ద మొత్తంలో దొరికిన కేసులు, ఉగ్రవాద కార్యకలాపాలపై పెట్టే యూఏపీఏ కేసులు, మనీ లాండరింగ్ కేసులు ఈ మామూలు లెక్కలోకి రావు. వాటిలో బెయిల్ షరతులు చాలా కఠినం, ఆ కుటుంబాలు మొదటి రోజే అనుభవమున్న లాయరును కలవడం మంచిది.

## ఆసుపత్రి కాగితం సెక్షన్‌ను మార్చగలదు

ఎఫ్‌ఐఆర్ రాసిన రాత్రి గాయం ఎంతటిదో పోలీసులకు సరిగా తెలియదు. తెలిసేది డాక్టరు ఇచ్చే గాయాల సర్టిఫికెట్ వచ్చాక. ఎక్స్‌రేలో ఎముక విరిగిందని తేలినా, గాయపడ్డ మనిషి 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితోనో తన రోజువారీ పనులు చేసుకోలేకనో ఉన్నా అది తీవ్ర గాయం. కొడవలితో తీవ్ర గాయం అయితే 118(1) కాస్తా 118(2) అవుతుంది, దానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. చంపే ఉద్దేశంతోనే విసిరాడని వాంగ్మూలాలు చెబితే 109, హత్యాయత్నం, చేరుస్తారు. అప్పుడు విచారణ సెషన్స్ కోర్టుకు వెళ్తుంది.

పోలీసులు ఇలా సెక్షన్ మార్చినట్టు కోర్టుకు మెమో ఇస్తారు. కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. స్టేషన్ బెయిల్ మీద ఇంటికి వచ్చేశాడు కదా అని నిశ్చింతగా ఉంటారు, మూడు వారాల తర్వాత నాన్ బెయిలబుల్ సెక్షన్ చేరిందని తెలుస్తుంది. పాత బెయిల్ కొత్త సెక్షన్‌కు తనంతట తాను వర్తించదు. 2019లో ప్రదీప్ రామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం నిందితుడు లొంగిపోయి కొత్త సెక్షన్‌లో బెయిల్ కోరవచ్చు. అంతకుముందు బెయిల్ కోర్టు ఇచ్చినదైతే, పోలీసులు అరెస్టు చేయాలంటే ఆ కోర్టు నుంచి ఉత్తర్వు తీసుకోవాలి. కాబట్టి అవతలి వ్యక్తి ఇంకా ఆసుపత్రిలో ఉన్నంతకాలం లాయరు కోర్టులో మెమో ఏమైనా పడిందా అని చూస్తూ ఉండాలి.

నాన్ బెయిలబుల్ సెక్షన్ చేరబోతోందని ముందే తెలిస్తే ముందస్తు బెయిల్ అడగవచ్చు. సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి, మేజిస్ట్రేట్‌కు ఆ అధికారం లేదు. బెయిలబుల్ కేసులో దీని అవసరమే రాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు ఉంటే ముందస్తు బెయిల్‌ను చట్టమే నిషేధించింది. ప్రాథమిక ఆధారమే లేదనిపించినప్పుడు మాత్రమే కోర్టులు దాన్ని పరిశీలిస్తాయి.

## బెయిల్ వచ్చినా ఇంటికి రాకపోతే

ఉత్తర్వు వచ్చింది. ‘పది వేల రూపాయలకు సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు’ అని ఉంది. ఆ సాయంత్రమే ఇంటికొస్తాడని తల్లి వంట చేసి ఎదురుచూస్తుంది. కానీ జామీనుదారులు కోర్టుకు వచ్చి, తమ గుర్తింపు, ఆస్తి లేదా ఆదాయం కాగితాలు చూపి, ఇప్పటిదాకా ఎంతమందికి జామీను ఉన్నారో ప్రకటన రాసివ్వాలి. వాటిని సరిచూసి కోర్టు అంగీకరిస్తేనే విడుదల ఉత్తర్వు జైలుకు వెళ్తుంది. జైలు తలుపులు వేసే వేళ దాటితే మర్నాడే విడుదల. కాగితాల్లో పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉన్నా ఒక రోజు పోతుంది. పిటిషన్ వేసిన రోజే జామీనుదారులను, వాళ్ల కాగితాలను సిద్ధం చేసుకుంటే ఈ రెండు మూడు రోజులు మిగులుతాయి. డబ్బు తీసుకుని జామీను ఉంటామనే అపరిచితులు కోర్టుల దగ్గర కనిపిస్తారు. వాళ్ల కాగితాలు నకిలీవని తేలితే బెయిలే రద్దు కావచ్చు, కొత్త కేసూ పడవచ్చు.

జామీను షరతు మోయలేనంత బరువుగా ఉంటే తగ్గించమని అదే కోర్టును అడగవచ్చు. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రి కేసులో మేజిస్ట్రేట్ పది వేల జామీను అడిగి, వేరే జిల్లాలో ఉంటున్నాడని అతని సోదరుడి జామీనును తిరస్కరించారు. సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది, వెయ్యి రూపాయల సొంత బాండు మీద విడిచిపెట్టమంది. 2023 జనవరిలో ఇచ్చిన ఆదేశాల్లో ఇంకాస్త ముందుకెళ్లింది. బెయిల్ ఉత్తర్వును అదే రోజో మర్నాడో ఈమెయిల్‌లో జైలుకు పంపాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెలలో బాండు ఇవ్వలేకపోతే షరతును సడలించాలా అని కోర్టు తనంతట తానే చూడవచ్చు.

## 60 రోజుల లెక్క

బెయిల్ తిరస్కరించారు, కుర్రాడు జైల్లోనే ఉన్నాడనుకుందాం. దర్యాప్తు ఎన్నాళ్లైనా సాగదీయడానికి చట్టం ఒప్పుకోదు. మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్లు, ఆ పైన శిక్ష ఉన్న నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60 రోజులు గడువు. ఆలోగా ఛార్జిషీటు వేయకపోతే నాన్ బెయిలబుల్ కేసులోనైనా బెయిల్ హక్కు అవుతుంది. లాయర్లు దీన్ని డిఫాల్ట్ బెయిల్ అంటారు.

మూడేళ్ల నేరమైన 118(1)కి గడువు 60 రోజులు. లెక్క అరెస్టు తేదీ నుంచి కాదు, రిమాండ్ తేదీ నుంచి, ఆ రోజును కూడా కలుపుకుని. జూలై 1న రిమాండ్ అయితే ఆగస్టు 29తో 60 రోజులు నిండుతాయి. ఆగస్టు 30న హక్కు పుడుతుంది. కానీ అది తనంతట తాను అమలు కాదు, పిటిషన్ వేసి అడగాలి. ఆ రోజు అడగకుండా ఉండిపోయి, సెప్టెంబరు 1న పోలీసులు ఛార్జిషీటు వేశారంటే హక్కు పోయినట్టే. పిటిషన్ ముందు పడి ఛార్జిషీటు తర్వాత వస్తే హక్కు నిలుస్తుంది. ఈ ఒక్క తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోవాలి, 118(2)కో 109కో మారితే అది 90 రోజులకు జరుగుతుందని గుర్తుంచుకోవాలి.

## నాన్ బెయిలబుల్ వారెంటు వేరే సంగతి

పేరు దగ్గరగా ఉండటంతో రెండూ ఒకటే అనుకుంటారు. నాన్ బెయిలబుల్ నేరం అన్నది సెక్షన్ స్వభావం. నాన్ బెయిలబుల్ వారెంటు అన్నది, కోర్టు ఒక మనిషిని పట్టి తెమ్మని పోలీసులకు ఇచ్చే ఆదేశం. బెయిలబుల్ కేసులో కూడా అది రావచ్చు.

గట్టు కేసు 117(2) దగ్గరే ఆగిందని, కుర్రాడు స్టేషన్ బెయిల్ మీద వచ్చి హైదరాబాద్‌లో పనిలో చేరాడని అనుకుందాం. ఏడాది తర్వాత సమన్లు ఊరి చిరునామాకు వచ్చాయి, ఒక వాయిదా తప్పాడు, ఇంకోటీ తప్పాడు. కోర్టు నాన్ బెయిలబుల్ వారెంటు ఇస్తుంది. అప్పట్లో జామీను ఉన్న మేనమామకు నోటీసు వెళ్తుంది. బాండు సొమ్ము ఎందుకు వసూలు చేయకూడదో ఆయన చెప్పాలి. చెల్లించలేక, వసూలూ కాకపోతే జామీనుదారును ఆరు నెలల దాకా సివిల్ జైల్లో పెట్టే అధికారం కూడా కోర్టుకు ఉంది. జామీను కొనసాగడం ఇష్టం లేని మనిషి అలా జరగక ముందే కోర్టుకు దరఖాస్తు చేసి తప్పుకోవచ్చు, అప్పుడు నిందితుడు కొత్త జామీనుదారును చూపాలి.

వారెంటు వచ్చిందని తెలియగానే చేయాల్సింది లాయరు ద్వారా వారెంటు రద్దు కోరే రీకాల్ పిటిషన్ వేసి, నిందితుడు స్వయంగా కోర్టు ముందుకు వెళ్లడం. జ్వరమైతే ఆసుపత్రి చీటీ, చిరునామా మారితే అద్దె కాగితం వంటి ఆధారం జతచేయాలి. పోలీసులు పట్టి తెచ్చిన మనిషికన్నా తానుగా వచ్చిన మనిషి కారణాన్ని కోర్టు తేలిగ్గా నమ్ముతుంది, చాలాసార్లు వారెంటు రద్దు చేసి కొత్త వాయిదా ఇస్తుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ఏళ్లు గడిచినా వారెంటుకు కాలం చెల్లదు. అమలయ్యేదాకా, లేదా ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకా అది అమల్లోనే ఉంటుంది.